రెండున్నర ఎంబీలో తిరునాళ్ల

పాత ల్యాప్‌టాప్‌లో ఏ గేమ్ బాగా ఆడుతుందని అడిగితే సాధారణంగా రెండు సలహాలు వినిపిస్తాయి. పాత గేమ్‌లు చూసుకోమంటారు, లేదంటే 2డీ గేమ్‌లు చూసుకోమంటారు. రెండూ సగం సగం నిజాలే. 2017లో వచ్చిన హాలో నైట్ పూర్తిగా 2డీ. అయినా దానికి కనీసం 4 జీబీ ర్యామ్, డిస్కులో 9 జీబీ జాగా కావాలని తయారుచేసినవాళ్లే చెప్పారు. అదే 1999లో వచ్చిన రోలర్‌కోస్టర్ టైకూన్‌లో వందలమంది జనం తిరుగుతుంటారు, జెయింట్ వీల్ తిరుగుతుంటుంది, మూడు నాలుగు కోస్టర్లు ఒకేసారి దూసుకుపోతుంటాయి. ఇదంతా 16 ఎంబీ ర్యామ్ ఉన్న పెంటియం మీద నడిచింది. ఒక్కో ఫ్రేముకి యంత్రం మీద పడాల్సిన పనిలో ఎంత తప్పించారన్నదే ఈ రెంటికీ తేడా. ఆ తప్పించిన పనిని పసిగట్టడం వస్తే, పాత యంత్రానికి గేమ్ ఎంచుకోవడం పెద్ద కష్టం కాదు.

ముందు యంత్రం సంగతి. 2010 నాటి ఒక ల్యాప్‌టాప్‌నే తీసుకుందాం: కోర్ ఐ3-370ఎం ప్రాసెసర్, దాంతోపాటే వచ్చే ఇంటెల్ హెచ్‌డీ గ్రాఫిక్స్, ఒకే ఒక్క 2 జీబీ డీడీఆర్3 ర్యామ్ ముక్క, 1366×768 తెర. మన ఇళ్లలో ఇంకా బీరువా మీద పడి ఉన్న వాటిలో ఇలాంటివి చాలానే ఉంటాయి. విడి గ్రాఫిక్స్ కార్డుకి తన సొంత మెమరీ ఉంటుంది. దీనికి లేదు. బొమ్మ గీయాలన్నా, గేమ్ లెక్కలు చెయ్యాలన్నా, విండోస్ తన పనులు చేసుకోవాలన్నా అందరూ ఆ 2 జీబీ దగ్గరికే రావాలి. 64 బిట్ విండోస్ 10కి కనీస అర్హతే 2 జీబీ. కాబట్టి గేమ్ మొదలయ్యేసరికే సగానికి పైగా అయిపోయి ఉంటుంది.

మెమరీ ఎంత ఉందన్నది కనిపించే లెక్క. అందులోంచి సెకనుకి ఎంత అటూ ఇటూ పోగలదన్నది కనిపించని లెక్క, గేమ్ ఆగి ఆగి ఆడటానికి చాలాసార్లు ఇదే కారణం. 1066 రకం డీడీఆర్3 ముక్క ఒక్కటే ఉంటే సెకనుకి దాదాపు 8.5 జీబీ పోతుంది. అది కాగితం మీది గరిష్ఠం, చేతికి అందేది ఇంకా తక్కువ. ఇప్పుడు మన తెర చూడండి. పదిన్నర లక్షల పిక్సెళ్లు, పిక్సెల్‌కి నాలుగు బైట్లు, ఒక్క ఫ్రేముకి 4.2 ఎంబీ. ఇంతవరకూ భారమేం కాదు. పొగమంచు, వెలుతురు, ముందు పొరలో ఆకులు, వెనక పొరలో కొండలు అంటూ సగం పారదర్శకంగా ఉండే పొరలు ఒకదాని మీద ఒకటి వేస్తేనే అసలు చిక్కు. అలాంటి పొర వేసినప్పుడు ప్రతి పిక్సెల్‌కీ కొత్త బొమ్మ చదవాలి, కింద అప్పటికే ఉన్న రంగు చదవాలి, రెండూ కలిపి తిరిగి రాయాలి. అంటే పన్నెండు బైట్ల రాకపోకలు. తెర నిండా పది పొరలు, సెకనుకి 60 ఫ్రేములు అనుకుంటే ఏడున్నర జీబీ. గ్రాఫిక్స్ చిప్ లోపలి కాష్, బొమ్మల కుదింపు కొంత ఆదా చేస్తాయి కాబట్టి ఇది మోటు లెక్కే. అయినా దారి మొత్తం ఆ పొరలకే సరిపోతోందని అర్థమవుతుంది. హాలో నైట్ అందమంతా ఆ పొరల్లోనే ఉంది. అది దాని తప్పు కాదు, ఈ యంత్రానికి కుదిరే పనితనం కాదంతే.

ఇక కుదిరే పనితనం దగ్గరికి వద్దాం. రోలర్‌కోస్టర్ టైకూన్ రాసింది స్కాట్లాండ్‌కి చెందిన క్రిస్ సాయర్. ప్రోగ్రామింగ్ మొత్తం ఆయనొక్కరే చేశారు. బొమ్మలు సైమన్ ఫోస్టర్‌వి, సంగీతం, శబ్దాలు అలిస్టర్ బ్రింబుల్‌వి. 99 శాతం కోడ్ అసెంబ్లీలో రాశానని సాయరే చెప్పారు. విండోస్‌తో మాట్లాడటానికి మాత్రం కాస్త సీ వాడారట. ఈ గేమ్ గురించి ఎవరు మాట్లాడినా అసెంబ్లీ దగ్గరే ఆగిపోతారు. నాకు మాత్రం అంతకన్నా గొప్పవి అందులోని నిర్ణయాలు అనిపిస్తాయి. 2002లో వచ్చిన రెండో భాగం కోడ్‌ని తర్వాత కొందరు ఔత్సాహికులు ముక్క ముక్కా విప్పి, సీలోనూ ఆ తర్వాత సీ++లోనూ తిరగరాసి, ఓపెన్‌ఆర్‌సీటీ2 పేరుతో బయటపెట్టారు. కాబట్టి ఆ నిర్ణయాలేమిటో ఇవాళ ఎవరైనా చదవొచ్చు. అసెంబ్లీ పోయి సీ++ వచ్చినా గేమ్ పాత యంత్రాల మీద ఇంకా తేలిగ్గానే నడుస్తోందంటే బలం భాషలో కంటే నిర్మాణంలోనే ఎక్కువ ఉందనుకోవాలి.

బొమ్మ గీసే పద్ధతి చూద్దాం. పిక్సెల్‌కి నాలుగు బైట్లు కాదు, ఒక్కటే. ఆ బైటులో రంగు ఉండదు, 256 రంగుల పట్టికలో వరస సంఖ్య ఉంటుంది. దీనివల్ల ఫ్రేము నాలుగో వంతుకి తగ్గడం ఒక లాభం. అంతకంటే తెలివైన లాభం వేరే ఉంది. సందర్శకుడి చొక్కా ఎరుపుగానో పచ్చగానో ఉండాలంటే రెండు బొమ్మలు అక్కర్లేదు. చొక్కాని ప్రత్యేకంగా కేటాయించిన 12 ఛాయలతో ఒక్కసారి గీసిపెడతారు. గీసే క్షణంలో ఆ 12 సంఖ్యల స్థానంలో ఎర్రవాటివో పచ్చవాటివో సంఖ్యలు పడతాయి. కోస్టర్ పెట్టెలకీ, గుడారాలకీ, బెలూన్లకీ ఇదే కిటుకు. చెరువులో నీళ్లు మెరవడానికైతే బొమ్మ గీసే పనే లేదు. పట్టికలో నీటికి కేటాయించిన రంగులు వరసగా చోటు మార్చుకుంటాయి, నీళ్లు కదిలినట్టు మన కళ్లు నమ్ముతాయి.

బొమ్మని దాచుకునే తీరు ఇంకా ముచ్చటగా ఉంటుంది. ఒక చెట్టు బొమ్మ 40 పిక్సెళ్ల వెడల్పు, 60 ఎత్తు అనుకుందాం. దాని చుట్టూ ఉన్న పెట్టె 2,400 పిక్సెళ్లు. అందులో చెట్టు ఆక్రమించేది వెయ్యి అయితే మిగతా 1,400 ఖాళీ. ఇవాళ్టి మామూలు పద్ధతిలో గ్రాఫిక్స్ చిప్ ఆ ఖాళీని కూడా ఒక్కొక్క పిక్సెల్‌గా తడిమి, ఇక్కడేం లేదని తెలుసుకుని ముందుకెళ్తుంది. ఇక్కడ అలా కాదు. ప్రతి వరసనీ తునకలుగా రాసిపెట్టారు: ఈ తునక ఇన్ని పిక్సెళ్లు, ఇంత దూరంలో మొదలవుతుంది, ఇవిగో రంగులు. ఖాళీ అసలు రాసే ఉండదు కాబట్టి దాన్ని తడిమే ప్రసక్తే లేదు. చెట్ల మధ్య, పట్టాల కింద, రంధ్రాల కంచెల వెనక బొమ్మలు కిక్కిరిసిపోయే గేమ్‌లో ఇది ఎంత ఆదానో ఊహించుకోవచ్చు.

పైగా తెర మొత్తం ప్రతిసారీ గీయరు. తెరని చిన్న చిన్న గడులుగా విడగొట్టి, ఏ గడిలో ఏదైనా కదిలిందో దానికి మాత్రం గుర్తు పెడతారు. గుర్తున్న గడులే మళ్లీ గీస్తారు. మీరు పార్కుని పక్కకి జరిపితే ఉన్న బొమ్మనే అటు నెట్టి, కొత్తగా బయటపడ్డ అంచుని మాత్రం నింపుతారు.

అసలు విద్య జనం దగ్గర ఉంది. రెండో భాగంలో కదిలే ప్రతిదానికీ, అది సందర్శకుడైనా, కోస్టర్ పెట్టె అయినా, చెత్తకాగితమైనా, చెరువులో బాతైనా, సరిగ్గా 256 బైట్ల గది ఒకటి ఉంటుంది. అలాంటి గదులు 10,000. అంతా కలిపి 2.56 ఎంబీ. మొబైల్‌లో తీసిన ఒక ఫోటో అంత. ఆ గదిలో ఆకలి ఒక బైటు, దాహం ఒక బైటు, సంతోషం, వికారం, ఒంట్లో ఓపిక తలా ఒక బైటు. నూటికి ఎంత శాతం ఆకలి అన్న దశాంశాలేవీ లేవు, సున్నా నుంచి 255 దాకా ఒక అంకె. గేమ్ నడుస్తుండగా కొత్త మనిషి గేటు దాటి వస్తే ఖాళీ గది ఇస్తారు, వెళ్లిపోతే గది ఖాళీ అవుతుంది. మెమరీ కావాలని విండోస్‌ని మళ్లీ మళ్లీ అడిగే పని ఉండదు. ర్యామ్ తక్కువున్న యంత్రంలో గేమ్ ఉన్నట్టుండి అరక్షణం బిగుసుకుపోవడానికి ఒక కారణం, ఆడుతుండగా మెమరీ అడగడం, వాడేసినదాన్ని ఏరి శుభ్రం చెయ్యడం. ఇక్కడ ఆ ప్రమాదాన్ని మొదట్లోనే తీసేశారు.

వేలమంది ఆలోచించాలి కదా, మరి ప్రాసెసర్ మాటేమిటి? గేమ్ గుండె సెకనుకి 40 సార్లు కొట్టుకుంటుంది. అడుగు వెయ్యడం లాంటి చిన్న పనులు ప్రతి కొట్టుకీ జరగాలి, లేకపోతే నడక కుదుపుగా కనిపిస్తుంది. ఆకలి పెంచడం, ఈ పార్కు బాగుందా అని తలపోయడం, ఎటు పోదామని తేల్చుకోవడం లాంటివి అంత తరచుగా అక్కర్లేదు. ఎవరి వంతు ఎప్పుడో తేల్చే పోలిక ఇంత చిన్నది:

```
(i & 0x7F) == (tick & 0x7F)
```

`i` అంటే సందర్శకుడి వరస సంఖ్య, `tick` అంటే ఇప్పటిదాకా అయిన కొట్టుల లెక్క. `& 0x7F` అంటే 128తో భాగిస్తే వచ్చే శేషం. 300వ వ్యక్తిని తీసుకుంటే శేషం 44. అతని వంతు 44వ కొట్టుకి, మళ్లీ 172కి, మళ్లీ 300కి వస్తుంది. అంటే ప్రతి మనిషీ మూడు సెకన్లకి కాస్త పైన ఒకసారి గట్టిగా ఆలోచిస్తాడు. పార్కులో 2,000 మంది ఉంటే ఒక్కో కొట్టుకి ఆలోచించేది 15, 16 మందే. అందరి వంతులూ ఒకేసారి రావు కాబట్టి ఏ ఫ్రేమూ మిగతావాటికంటే బరువెక్కదు. సగటున సెకనుకి ఎన్ని ఫ్రేములన్న అంకె బాగున్నా, మధ్యలో ఒక్క ఫ్రేము బరువైతే చేతికి కుదుపు తెలుస్తుంది. నున్నగా ఆడటం అంటే ఈ సమానత్వమే.

జనం ఎటు పోవాలన్న ప్రశ్నకి కూడా చవకైన జవాబే దొరికింది. ఎక్కువమంది సందర్శకులు ఎక్కడికీ పోరు. దారి చీలిన చోట ఏదో ఒక వైపు తిరుగుతారు, ఎదురైన రైడ్ నచ్చితే ఎక్కుతారు. ఫలానా రైడ్‌కే వెళ్లాలనో, ఇక ఇంటికి పోదామనో అనుకున్నప్పుడే దారి వెతుకుతారు. ఆ వెతుకులాటకి కూడా హద్దుంది, కొన్ని కూడళ్ల దూరం దాకానే. చేతిలో పార్కు మ్యాపు ఉన్నవాడికి ఆ హద్దు కాస్త పెరుగుతుంది. మ్యాపు అమ్మే దుకాణం పెట్టడానికి అదొక అసలైన కారణం. ఇంకొకటి, మనుషులు ఒకరినొకరు గుద్దుకోరు, ఒకరిలోంచి ఒకరు నడిచిపోతారు. ఎంతమంది ఎంతమందికి అడ్డం వచ్చారన్న లెక్కే లేదు. దారి మరీ ఇరుకైతే సందర్శకుడి సంతోషం తగ్గుతుంది, అంతే. రద్దీని చూపించడానికి ఢీకొట్టే లెక్క చెయ్యకుండా, రద్దీ వల్ల కలిగే విసుగుని లెక్కపెట్టారు. నా దృష్టిలో ఈ గేమ్‌లో అన్నిటికన్నా చక్కని నిర్ణయం అదే.

ఈ పొదుపుకి ధర లేకపోలేదు. వెడల్పాటి దారి వేస్తే అందులో చాలా గడులు కూడళ్లుగా లెక్కకొస్తాయి, వెతుకులాట హద్దు అక్కడే అయిపోతుంది, జనం గేటు కనబడక గుండ్రంగా తిరుగుతూ నేను తప్పిపోయానని గొణుగుతారు. పాత ఆటగాళ్లు ఒంటి వరస దారులే వెయ్యమనేది అందుకే. దారి కనబడక తిరిగే మనిషిని చూసి నవ్వుకున్నవాళ్లు, తమ ప్రాసెసర్ అక్కడ ఎంత ఊపిరి పీల్చుకుందో గమనించి ఉండరు.

ఇప్పుడు దీన్ని మన ఐ3 మీద పెడదాం. ఓపెన్‌ఆర్‌సీటీ2 ఉచితమే గానీ, రెండో భాగం అసలు ఫైళ్లు కావాలి. అంటే గేమ్ ఒకసారి కొనాలి. సెట్టింగులలో బొమ్మ గీసే పద్ధతులు కనిపిస్తాయి. `OpenGL` అన్నది చూసి గ్రాఫిక్స్ చిప్‌కి పని అప్పజెబితే మంచిదే కదా అనిపిస్తుంది. ఈ చిప్ విండోస్‌లో ఓపెన్‌జీఎల్ 2.1 దాకానే వెళ్తుంది, ఈ గేమ్ అడిగేది 3.3. కాబట్టి `Software (hardware display)` ఉంచుకోవాలి. అప్పుడు పైన చెప్పుకున్న తునకల విద్యంతా ప్రాసెసర్ మీదే నడుస్తుంది, తయారైన ఫ్రేముని తెరకి సాగదీసి చూపడం మాత్రం చిప్ చేస్తుంది. ఫ్రేముల హద్దు తీసేసే సెట్టింగుని ఆపేయండి. అది సెకనుకి 40 అన్న పాత హద్దుని దాటి మధ్య ఫ్రేములు కల్పిస్తుంది. చూడ్డానికి బాగుంటుంది గానీ, గీయాల్సిన పని పెరుగుతుంది.

ఈ కొత్త రూపానికి హద్దులూ మారాయి. పదివేల గదులు కాస్తా 65 వేలు దాటాయి, మ్యాపులూ పెద్దవయ్యాయి. ఎవరో శక్తిమంతమైన యంత్రం మీద కట్టిన మహా పార్కుని తెచ్చి తెరిస్తే మన ఐ3 నత్తనడక పడుతుంది, ఎందుకంటే గేమ్ లెక్కల్లో ఎక్కువ భాగం ఒకే కోర్ మీద నడుస్తుంది. అసలు గేమ్‌తో వచ్చిన పార్కులైతే ఆ భయం లేదు.

నెమ్మదించినప్పుడు ఎక్కడ బిగిసిందో తెలుసుకోవడానికి పరికరాలేం అక్కర్లేదు. విండోని చిన్నది చేసి చూడండి. వేగం పెరిగితే గీసే పని బరువైంది. తేడా లేకపోతే లెక్కల పని బరువైంది, జనం తగ్గాలి, లేదా పార్కు చిన్నదవ్వాలి. మూడో రకం వేరు: ఆట బాగానే సాగుతూ సాగుతూ ఒక్కసారి ఆగుతుంది, అదే క్షణంలో డిస్కు లైటు ఆగకుండా వెలుగుతుంది. ర్యామ్ నిండిపోయి విండోస్ సరుకుని డిస్కుకి తరలిస్తోందని దానర్థం. అప్పుడు గేమ్ సెట్టింగులు ఎన్ని మార్చినా ఉపయోగం ఉండదు, వెనక తెరిచి ఉంచిన బ్రౌజర్ మూసెయ్యడమే మందు. ఈ పరీక్ష ఏ గేమ్‌కైనా పనికొస్తుంది.

ఫైళ్లు కొనడం ఎందుకనుకుంటే ఓపెన్‌టీటీడీ ఉంది. సాయర్ అంతకుముందు రాసిన ట్రాన్స్‌పోర్ట్ టైకూన్ డీలక్స్‌ని 2004లో ఇలాగే విప్పి తిరగరాయడం మొదలుపెట్టారు. దీనికి ఉచిత బొమ్మల కట్ట కూడా ఉంది కాబట్టి వేరే ఏమీ కొననక్కర్లేదు. పిక్సెల్‌కి ఒక్క బైటు పద్ధతిలోనే నడవమని మొదలుపెట్టేటప్పుడే చెప్పొచ్చు:

```
openttd -b 8bpp-optimized
```

ఇందులో నాకు నచ్చిన మర్యాద ఒకటుంది. సహాయం మెనూలో ఫ్రేమ్ రేట్ కిటికీ తెరిస్తే రైళ్లకి ఎన్ని మిల్లీసెకన్లు, ఓడలకి ఎన్ని, తెర గీయడానికి ఎన్ని అని గేమే పద్దు విప్పి చూపిస్తుంది. యాభై రైళ్ల దగ్గర బాగున్నది మూడొందల దగ్గర ఎందుకు బరువెక్కిందో ఊహించాల్సిన పని లేదు.

కొత్తవాటిలో సెలెస్ట్ పనితనం వేరే దారి. 2018లో వచ్చిన ఈ గేమ్ తన లోకాన్ని 320×180 పిక్సెళ్లలోనే గీసి, ఆ తర్వాత తెరంతకి పెంచుతుంది. మన తెర పిక్సెళ్లలో అది దాదాపు పద్దెనిమిదో వంతు. మంచు, వెలుగు, పారదర్శకమైన పొరలు ఎన్ని వేసినా వేసేది ఆ చిన్న చదరం మీదే కాబట్టి హాలో నైట్ దగ్గర చేసిన లెక్క ఇక్కడ భయపెట్టదు. కదలికలో కూడా అదే క్రమశిక్షణ. పాత్రల స్థానాలు పూర్ణ సంఖ్యలే, ఢీకొనే ఆకారాలు చాలావరకు నిలువు, అడ్డం గీతల పెట్టెలే. మిగిలిన భిన్నాన్ని పక్కన దాచి, అది ఒక పిక్సెల్ అయినప్పుడే ముందుకి జరుపుతారు. అయితే దీన్ని మన యంత్రానికి నిస్సంకోచంగా చెప్పలేను. రాసిపెట్టిన కనీస ర్యామే 2 జీబీ, కోరే గ్రాఫిక్స్ ఇంటెల్ హెచ్‌డీ 4000. అది మన చిప్ తర్వాత రెండేళ్లకి వచ్చింది. గీసే పనిలో తేలికే, బొమ్మల సరుకంతా ర్యామ్‌లోకి ఎక్కించుకోవడంలో కాదు. అప్పుడప్పుడు డిస్కు లైటు వెలగొచ్చు.

ల్యాప్‌టాప్ అడుగున రెండో ర్యామ్ గాడి ఖాళీగా ఉంటే ఆ ఇబ్బంది తీరే దారి ఉంది. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట ఇంకో 2 జీబీ పాత డీడీఆర్3 ముక్క దొరుకుతుంది. పాత ముక్కకి ఎంత వేగమో, ఎంత వోల్టేజో చూసి అలాంటిదే తీసుకోవాలి. అది పెడితే జాగా రెట్టింపు కావడమే కాదు, రెండు ముక్కలూ రెండు దారులుగా పనిచేసి 8.5 జీబీ కాస్తా 17 అవుతుంది. సొంత మెమరీ లేని గ్రాఫిక్స్ చిప్‌కి దీనివల్ల ఒరిగేది ఎక్కువ. పొరల బరువుతో నలిగే గేమ్‌లు తేలికపడతాయి, డిస్కు లైటు గొడవ చాలావరకు పోతుంది. ఐదారు వేలమంది నిండిన పార్కు మాత్రం అంతే నెమ్మదిగా ఉంటుంది. అక్కడ అడ్డం పడుతున్నది ర్యామ్ కాదు, జనం లెక్కలన్నీ మోస్తున్న ఆ ఒక్క కోర్.